కాలాములకు బుద్ధుడు ఏం చెప్పిండు?

మన షోలాపూర్ బస్తీల్లో బుద్ధవిహారం ఉన్న ప్రతి గల్లీలోనూ గోడ మీద ఒక మాట కనిపిస్తుంది. ఎవరో చెప్పారని నమ్మకు, పుస్తకంలో ఉందని నమ్మకు, నీ బుద్ధికి సరిపోతేనే నమ్ము అని దాని భావం. కింద బుద్ధుని పేరు ఉంటుంది. మా ఇంటి పక్క కుర్రాడు ఏదైనా పని చెబితే, "కాకా, బుద్ధుడే చెప్పిండు కదా, నా బుద్ధికి సరిపోతేనే చేస్త" అంటాడు. నేను చదివింది నాలుగో తరగతి. మిల్లు నుంచి రిటైరైనంక విహారంలో భంతేజీ దగ్గర కూర్చుని ఆ ఉపదేశం మొదలు నుంచి చివర దాకా విన్నాను. గోడ మీద మాటకూ దానికీ చాలా తేడా ఉంది. ఆ తేడా చెబుదామనే ఈ నాలుగు ముక్కలు.

ఆ ఉపదేశం పేరు కాలామ సుత్తం. పాళీ గ్రంథాల్లో అంగుత్తర నికాయంలో ఉంది. కోసల దేశంలో కేసపుత్త అనే ఊరు ఉండేది. అక్కడ ఉండేవాళ్ళు కాలాములు అనే వంశం వాళ్ళు. ఆ ఊరికి ఎందరో సాధువులు, గురువులు వచ్చిపోయేవాళ్ళు. వచ్చిన ప్రతివాడూ తన మతమే గొప్ప అని చెప్పి, పక్కవాడి మతాన్ని తిట్టి, చీల్చి చెండాడి పోయేవాడు. తర్వాత ఇంకొకడు వచ్చి అదే పని చేసేవాడు. బుద్ధుడు అక్కడికి వచ్చినప్పుడు కాలాములు ఆయన దగ్గరకు పోయి, వీళ్ళలో ఎవరు నిజం చెబుతున్నారో, ఎవరు అబద్ధం చెబుతున్నారో మాకు తెలియడం లేదని మొర పెట్టుకున్నారు.

ఇక్కడ ఒకటి గమనించాలి. అడిగినవాళ్ళు అప్పటికి బుద్ధుని శిష్యులు కారు, ఆయనను నమ్మి వచ్చినవాళ్ళూ కారు. ఆయన కూడా వాళ్ళకు ఇంకొక గురువే. మీకు అనుమానం రావడం న్యాయమే, అనుమానించవలసిన చోటే అనుమానించారు అని ముందు ఒప్పుకున్నాడు. నా మాట నమ్మండి అనలేదు.

తర్వాత పది విషయాలు లెక్కపెట్టి చెప్పాడు. వీటిలో దేనిని పట్టుకుని అయినా "ఇది నిజం" అని తేల్చుకోవద్దు అన్నాడు. చెవిన పడిందని, తరతరాలుగా వస్తోందని, ఊరంతా అనుకుంటున్నారని, గ్రంథంలో ఉందని. ఇవి నాలుగు. గోడ మీద ఎక్కేవి ఇవే. తర్వాతి నాలుగు ఎవరూ రాయరు. తర్కానికి నిలిచిందని, ఒకదాన్నిబట్టి ఇంకొకటి ఊహించామని, పైకి కనబడే కారణాలను ఆలోచించి చూశామని, మనకు ముందే ఉన్న అభిప్రాయానికి అతికిందని కూడా ఒప్పుకోవద్దు అన్నాడు. చివరి రెండు: చెప్పేవాడు సమర్థుడిలా కనిపిస్తున్నాడని, ఈ సన్యాసి మా గురువు అని.

అంటే "నా బుద్ధికి సరిపోయింది" అన్నది ఒప్పుకోవడానికి చాలని కారణాల పట్టీలోనే ఉంది. గోడ మీద రాత దాన్నే తీసి మందుగా ఇస్తోంది. జనం చేసే మొదటి పొరపాటు ఇదే.

మరి దేన్ని చూడాలి? ఈ పనులు చెడ్డవి, తప్పు పట్టదగినవి, తెలివిగలవాళ్ళు నిందించేవి, వీటిని పట్టుకుంటే హాని, దుఃఖం వస్తాయి అని మీకు మీరే తెలుసుకున్నప్పుడు వాటిని వదిలేయండి అన్నాడు. మంచివి, తెలివిగలవాళ్ళు మెచ్చేవి, మేలు చేసేవి అని తెలిస్తే వాటిలో నడవండి అన్నాడు. ఇది చెప్పి ఊరుకోలేదు, వాళ్ళనే ప్రశ్న అడిగాడు. లోభం మనిషిలో పుడితే మేలా, కీడా? కీడే అన్నారు. లోభం పట్టినవాడు చంపుతాడు, దొంగిలిస్తాడు, పరాయి భార్య దగ్గరకు పోతాడు, అబద్ధం ఆడతాడు, ఇంకొకరితోనూ అదే చేయిస్తాడు, అవునా? అవును అన్నారు. ద్వేషం గురించి, మోహం గురించి కూడా అలాగే అడిగాడు. జవాబు వాళ్ళ నోటి నుంచే వచ్చింది. పరీక్షించమన్నది పనులనూ వాటి ఫలితాన్నీ. ఎవరికి ఏది రుచిస్తే అది నిజమని ఆయన అనలేదు. తెలివిగలవాళ్ళ మాటను కూడా పక్కన పెట్టలేదు, పరీక్షలో ఒక భాగంగా పెట్టాడు. అందుకే పుస్తకాలన్నీ, పెద్దలందరూ పనికిరారు అని ఈ సుత్తం పేరు చెప్పి అనడం కూడా పొరపాటే.

ఇది మన బస్తీల్లో ఎట్లా పనికొస్తుందో చూద్దాం. ఒక గల్లీలో నెలలోపల ముగ్గురు పిల్లలకు జ్వరం వచ్చిందనుకోండి. ఒంటరిగా ఉండే ఒక ముసలామె మీద చేతబడి అనుమానం పుడుతుంది. మనం ఇట్లాంటివి విన్నవాళ్ళమే. పది కారణాలూ ఒకటొకటిగా వచ్చి చేరతాయి. ఎవరో చెప్పారు, మా తాతల కాలం నుంచి ఉన్నదే, గల్లీ అంతా అంటోంది, ఫలానా బాబా కూడా చెప్పిండు. తర్కం కూడా వస్తుంది: "అవ్వ వచ్చి పిల్లను ఎత్తుకున్న మర్నాడే జ్వరమొచ్చింది, రెండో పిల్లకూ అట్లనే అయింది, ఇంక వేరే రుజువేం కావాలె?" ఇది తర్కంలాగే ఉంటుంది, బుద్ధికి సరిపోయినట్టే ఉంటుంది. గోడ మీద సూత్రం పెడితే ఇది పాసయిపోతుంది.

ఇప్పుడు కాలాములకు చెప్పిన పరీక్ష పెట్టండి. ఈ మాట పట్టుకుంటే మనసులో పుట్టేది ఏమిటి? ద్వేషం. దాంతో ఏం చేస్తారు? ఆమె తలుపు మీద రాళ్ళు వేస్తారు, కొడతారు, నలుగురినీ కొట్టమని రేపుతారు. తెలివిగలవాళ్ళు మెచ్చుకుంటారా? ఎవరికైనా మేలా? కాదు. అయితే వదిలేయాలి, చేతబడి ఉందా లేదా అన్న వాదన తేలక ముందే వదిలేయాలి. పిల్లకు జ్వరం ఎందుకొచ్చిందో ఈ పరీక్ష చెప్పదు, దానికి డాక్టర్ దగ్గరకే పోవాలి. ఆ ముసలామె మీద చెయ్యి పడకుండా మాత్రం ఆపుతుంది.

వాదన తేలకపోయినా నడవవచ్చని సుత్తం చివర బుద్ధుడు తానే చెప్పాడు. ద్వేషం లేకుండా, అందరి మీదా మైత్రి, కరుణ నింపుకున్నవాడికి నాలుగు ఊరటలు దొరుకుతాయి అన్నాడు. పరలోకం ఉంటే అక్కడ మంచి గతి ఉంటుంది. లేకపోతే ఇక్కడే వైరం లేకుండా సుఖంగా బతుకుతాడు. చెడు చేసినవాడికి చెడు తగిలేది నిజమైతే, అతడు చేయలేదు కాబట్టి అతనికి తగలదు. అది నిజం కాకపోయినా అతడు రెండు వైపులా శుద్ధంగానే ఉన్నాడు. దీన్ని చూపించి కొందరు పరలోకం లేదని బుద్ధుడు చెప్పాడంటారు, కొందరు ఉందని చెప్పాడంటారు. ఈ నాలుగు మాటల్లో ఆయన రెండూ అనలేదు. ఏది నిజమైనా నష్టపోని నడక చూపించాడు.

అప్పుడు కాలాములు ఆయనకు శరణన్నారు. మొదట అనుమానంతో వచ్చినవాళ్ళు తామే జవాబులు చెప్పి, చూసుకుని, తర్వాత నమ్మారు. పక్కింటి కుర్రాడికి నేను చెప్పేది ఒక్కటే: బిడ్డా, నీ బుద్ధికి సరిపోయిందా అని కాదు, దాంతో నీలో లోభం, ద్వేషం పెరుగుతుందా, తరుగుతుందా అని చూసుకో. గోడ మీద ఉండవలసిన ప్రశ్న అది.