నది లేని దేశంలో నీటి కథ

సౌదీ అరేబియాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. వానొస్తే వాగులు పొంగుతాయి, ఆ నీళ్లు కాసేపటికే ఇసుకలో ఇంకిపోతాయి. మన నవలలకు ఆ కరువు లేదు. గోదావరో కృష్ణో గోడ పక్కనే పారుతుంటుంది, నాయకుడు గట్టు మీద కూర్చుని నిట్టూరుస్తాడు, విమర్శకుడు వచ్చి ‘నది జీవితానికి ప్రతీక’ అని రాసేసి చేతులు దులుపుకుంటాడు. అద్దం కనిపిస్తే ‘ఆత్మపరిశీలన’ అంటాడు. ఇంత సులువుగా తేలిపోయే పని కాదిదని నాకు చూపించింది ఈ నది లేని దేశం గురించిన నవలే. దాన్ని ఆ దేశంలోనే, ఖోబర్‌లో కూర్చుని చదవడం వల్ల ఆ పాఠం ఇంకాస్త గట్టిగా పట్టింది.

నవల పేరు ‘ముదున్ అల్ మిల్హ్’, అంటే ఉప్పు నగరాలు. రాసింది అబ్దుల్ రహమాన్ మునీఫ్. తండ్రి సౌదీ నజ్ద్ ప్రాంతం వాడు. మునీఫ్ పుట్టింది 1933లో అమ్మాన్‌లో. సౌదీ అరేబియా అమెరికా కంపెనీకి చమురు తవ్వుకునే హక్కు రాసిచ్చిన ఏడాది కూడా అదే. పెద్దయ్యాక ఆయన చమురు అర్థశాస్త్రంలో డాక్టరేట్ చేశాడు, బాగ్దాద్‌లో చమురు మీద ఒక పత్రిక నడిపాడు. రాజకీయాల కారణంగా 1963లో సౌదీ ప్రభుత్వం ఆయన పౌరసత్వాన్ని తీసేసింది. ఐదు సంపుటాల ఈ నవలలో మొదటిది 1984లో వచ్చింది. సౌదీలో దాని మీద చాలాకాలం నిషేధం ఉండేది. మొదటి సంపుటానికి పీటర్ థెరూ ఇంగ్లీషు అనువాదం 1987లో వచ్చింది. నేను చదివింది అదే. కథలో దేశానికి అసలు పేరు లేదు. కానీ హర్రాన్ అనే ఓడరేవు పట్నం గురించి చదువుతుంటే, మా దమ్మామ్, దహ్రాన్ వీధుల్లో తిరిగే ఎవరికైనా అది ఎక్కడిదో అర్థమైపోతుంది.

నవల వాదీ అల్ ఉయూన్ అనే ఒయాసిస్సుతో మొదలవుతుంది. అంతులేని ఎడారి మధ్య ఊటలు, ఖర్జూరపు తోటలు, ఆగి నీళ్లు తాగి వెళ్లే ఒంటెల బిడారులు. ఇక్కడ నీళ్లు ఎవరి సొత్తూ కాదు. దారిన పోయేవాడికి నీళ్లివ్వడం ఆ ఊరి మర్యాద, ఆ ఊరి ఉనికి కూడా. ఇంతవరకు నీళ్లంటే నీళ్లే. దాహం తీర్చే నీళ్లు. మునీఫ్ ఎక్కడా ‘ఇది ప్రతీక సుమా’ అని కన్ను గీటడు.

తర్వాత ముగ్గురు అమెరికన్లు వస్తారు. ఎందుకొచ్చారంటే, నీళ్లు వెతకడానికి అంటారు. ఊళ్లో పెద్దమనిషి ఇబ్న్ రాషిద్ వాళ్లకు ఆతిథ్యమిస్తాడు. మితెబ్ అల్ హథాల్ అనే ఒక్క మనిషికి మాత్రం నమ్మకం కుదరదు. ఊటలు ఇక్కడే కళ్లముందు పారుతుంటే, వీళ్లు తవ్వి వెతికే నీళ్లేమిటి? ఈ అనుమానంతో ఆ వస్తువు మొదటిసారి మారుతుంది. నిన్నటిదాకా మర్యాదగా ఉన్న నీళ్లు ఈరోజు సాకు అయ్యాయి. కొన్నాళ్లకు యంత్రాలొచ్చి తోటల్ని పెకలిస్తాయి. అది చూడలేక మితెబ్ ఒంటెనెక్కి ఎడారిలోకి వెళ్లిపోతాడు, మళ్లీ మామూలు మనిషిగా తిరిగి రాడు. భార్య వధ్హా నోట మాట పడిపోతుంది. ఆ తర్వాత వానా వరదా వచ్చినప్పుడు అతను కనిపించాడని జనం చెప్పుకుంటారు. దాహం తీర్చిన నీళ్లే ఇప్పుడు పోయిన మనిషిని మోసుకొస్తున్నాయి, భయపెడుతున్నాయి కూడా.

కథ హర్రాన్‌కు చేరుతుంది. ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు అక్కడ కూలీలవుతారు. పట్నం రెండుగా చీలుతుంది, అమెరికన్ల హర్రాన్, అరబ్బుల హర్రాన్. కూలీలు కాలే ఎండలో రేకుల షెడ్లలో ఉంటారు. వాళ్లు కట్టిన అవతలి హర్రాన్‌లో ఈతకొలనులు ఉంటాయి. ఇన్ని నీళ్లు తాగడానికి కాదు, తోటకూ కాదు, కంచె లోపల ఈదడానికి. బాటసారి చేతికి అందిన నీళ్లు చివరికి అదే బాటసారి కొడుకులకు కంచె సందుల్లోంచి చూసే నీళ్లయ్యాయి. నవల మొత్తం ఈ ఒక్క గీత మీద నడిచిందని చెప్పినా పెద్ద తప్పు కాదు.

మా గదిలో నిజామాబాద్ తమ్ముడు ఒకడు ఈ కథంతా విని, “అన్నా, ఇంత చుట్టు తిరుగుడెందుకు? నీళ్లంటే బతుకు. అంతే గదా?” అన్నాడు. అదే చిక్కు. నీళ్లంటే బతుకు అని ఒక్కసారి రాసేసుకుంటే, సాకుగా వచ్చిన నీళ్లు, వరద నీళ్లు, ఈతకొలను నీళ్లు మూడూ ఒకే గిన్నెలో పడిపోతాయి. ప్రతీకకు అర్థం నిఘంటువులో ఉన్నట్టు ఒకటే ఉండదు. రచయిత దాన్ని ఎన్నిసార్లు తెచ్చాడో లెక్కపెట్టినా సరిపోదు. వచ్చినప్పుడల్లా అది ఎవరి చేతిలో ఉంది, ఎవరికి అందడం లేదు, దానివల్ల ఎవరి బతుకు ఏ మలుపు తిరిగింది అని చూడాలి. ఈ మూడింటిలో మార్పు కనిపిస్తేనే ఆ వస్తువు కథ మోస్తున్నట్టు.

ఇదే నవలలో కాఫీ పెట్టి చూడండి. ఒయాసిస్సులో కాఫీ, అమీరు కొలువులో కాఫీ, హర్రాన్ హోటల్లో కాఫీ. నీళ్లకంటే ఎక్కువసార్లే రావచ్చు. చేతులు మారుతుంది, హోటల్లో డబ్బుకు అమ్ముడుపోతుంది కూడా. కానీ కాఫీ వల్ల ఎవరి బతుకూ తిరగబడదు. అది ఆ సమాజపు వాసన, అంతవరకే. దానికి లోతైన అర్థం అంటగట్టే విమర్శకుడు రచయితకు చేసేది ఉపకారం కాదు.

ఇక అద్దం. ఈ నవలలో అద్దం చేసే పనిని ఒక దుర్బిణి చేస్తుంది. హర్రాన్ అమీరు ఖాలిద్ అల్ మిషారీకి రిజాయీ అనే వ్యాపారి దుర్బిణి తెచ్చిస్తాడు. అమీరు దాంతో సముద్రం మీది ఓడల్నీ, ఓడల్లోని ఆడవాళ్లనీ, అమెరికన్ల బస్తీనీ చూస్తూ గడుపుతాడు. తర్వాత రేడియో వస్తుంది. దాన్ని పదిమందికీ వినిపించి ఆశ్చర్యపరచడం ఒక వేడుకవుతుంది. ఆ తర్వాత టెలిఫోను. ఒక్కో బొమ్మ వచ్చినప్పుడల్లా దూరం ఇంకాస్త దగ్గరవుతుంది, దగ్గరున్న జనం ఇంకాస్త దూరమవుతారు. దుర్బిణిలో అమీరుకు అన్నీ కనిపిస్తాయి, తన కిటికీ కింద కూలీల గుడిసెలు తప్ప. వాళ్లు సమ్మెకు దిగే వేళకు అతని బుద్ధి చెదిరిపోతుంది, హర్రాన్ వదిలి వెళ్లిపోతాడు. 1953లో ఇక్కడి అరామ్కో కార్మికులు వేల సంఖ్యలో సమ్మె చేశారన్నది చరిత్ర. నవలలోని సమ్మెను చదివేటప్పుడు అది గుర్తుకు రాక మానదు.

అద్దంలో మనిషి తనను తాను చూసుకుంటాడు. దుర్బిణిలో చూసేవాడు తనను చూసుకోలేడు, చదివే మనకు మాత్రం అతను నిలువెత్తున కనిపిస్తాడు. అందుకే నవలలో అద్దం కోసం వెతికేవాళ్లు అద్దం అనే మాట కోసం పేజీలు తిప్పితే చాలదు. మనిషిని బయటపెట్టే పని ఏ వస్తువు చేస్తోందో చూడాలి.

ఈ నవల మీద జాన్ అప్‌డైక్ 1988లో న్యూయార్కర్‌లో గట్టిగా విరుచుకుపడ్డాడు. మనం నవల అనుకునేదానిలా ఇది లేదనీ, మనసులో నిలిచే నాయకుడే లేడనీ ఆయన ఫిర్యాదు. నాయకుడనుకున్న మితెబ్ చాలా ముందే మాయమవుతాడు, ఆ మాట నిజమే. కానీ పాత్రలు పెరగని చోట వస్తువులు పెరిగాయి. పుట్టుక, ఎదుగుదల, పతనం ఇందులో నీళ్లకు ఉన్నాయి, దుర్బిణికి, రేడియోకు, టెలిఫోనుకు ఉన్నాయి. ఒక మనిషి కాక ఒక ఊరంతా ఊడబెరకబడిన కథకు ఇంతకంటే తగిన పద్ధతి నాకు తోచదు. నాలుగేళ్ల తర్వాత అమితావ్ ఘోష్, చమురు గురించి గొప్ప నవలలు ఎందుకు రాలేదని అడుగుతూ రాసిన వ్యాసంలో మునీఫ్‌నే తీసుకుని చర్చించాడు.

మనకూ ఇలాంటి పెద్ద ప్రతీక ఉంది, విశ్వనాథ వేయిపడగలలో. సుబ్బన్నపేటను కాచే సర్పానికి వేయి పడగలు, కాలం గడిచేకొద్దీ అవి ఒక్కొక్కటిగా పోతుంటాయి. కానీ అక్కడ పడగ అంటే ధర్మమని పాఠకుడికి మొదటినుంచీ తెలుసు, రచయితే చెబుతాడు. మన పని ఆ క్షీణతను అనుభవించడం. మునీఫ్ ఏదీ చెప్పడు, కాబట్టి పోగుచేసే పని మనదే. రెండూ మంచి పద్ధతులే. ఒకదాన్ని చదివే తీరుతో రెండోదాన్ని చదివితేనే ఇబ్బంది.

ఉప్పు సంగతి చివర చెప్పాలి. పేరులోనే ఉన్నా మొదటి సంపుటంలో అది నీళ్లలా పదేపదే ఎదురుపడదు. మునీఫ్ ఒక ఇంటర్వ్యూలో తానే వివరించాడు. నిలకడైన జీవనాధారం లేకుండా ఒక్కసారిగా లేచిన ఈ నగరాలు నీళ్లు తగలగానే ఉప్పులా కరిగిపోతాయన్నది ఆయన భావం. రచయిత వివరణ గనక తీసిపారేయలేం. కానీ దాన్నే తాళంచెవిగా వాడి పుస్తకంలోని తలుపులన్నీ తెరుద్దామంటే, ఇప్పటిదాకా చూసిన ఊటలూ వరదా ఈతకొలనూ మళ్లీ ఒకే మాటకు కుదించుకుపోతాయి. పుస్తకం బయట చెప్పినదాన్ని సాక్ష్యంగా తీసుకోవాలి, తీర్పుగా కాదు.

ఇక్కడ ఉండి చదివేవాళ్లకు ఇంకో సాక్ష్యం కూడా దొరుకుతుంది. ఖోబర్‌లో మా కుళాయికి వచ్చే నీళ్లలో చాలా భాగం సముద్రపు నీళ్లే, ఉప్పు తీసేసినవి. జుబైల్‌లో అలా శుద్ధి చేసిన నీళ్లను 1980ల మొదటినుంచీ 400 కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో రియాద్‌కు పంపుతున్నారు. ఉప్పును వేరు చేయడానికి కావలసిన శక్తి వచ్చేది చమురు, గ్యాస్ మండించడం వల్లే. పక్కనే అల్ అహ్సా ఒయాసిస్సు ఉంది, 2018లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. దాని పేరుమోసిన ఊటలు తమంతట తాము ఉబికే రోజులు పోయాయి, ఇప్పుడు పంపులతో తోడుతున్నారు. నవలలో విడివిడిగా నడిచిన ఊట, చమురు, ఉప్పు ఇక్కడ ఒకే కుళాయిలో కలుస్తాయి. మునీఫ్ ప్రతీకను ఎక్కడినుంచో తెచ్చి అతికించలేదు, ఈ నేల మీద ఉన్నదాన్నే వరుసగా పేర్చాడు.

కాబట్టి ఈసారి నవల చదివేటప్పుడు పక్కన ఒక పెన్సిల్ ఉంచుకోండి. నది గానీ అద్దం గానీ, గొడుగు గానీ గడియారం గానీ, రెండోసారి కనిపించిన చోట అంచున ఒక గీత పెట్టండి. పుస్తకం అయ్యాక ఆ గీతలున్న పేజీల్ని మాత్రమే వరుసగా మళ్లీ చదవండి. ఆ వస్తువు ఎవరి చేతుల మీదుగా ఎవరికి పోయిందో, ఎవరికి దక్కకుండా పోయిందో తెలిస్తే దాని అర్థం మీకు దొరికినట్టే. అన్ని పేజీల్లోనూ అది ఒకేలా ఉంటే మాత్రం దాన్ని వస్తువుగానే వదిలేయండి.