రాత్రి ఒంటిగంటన్నర రెండుసార్లు వచ్చే రోజు

అమెరికాలో ఉంటూ ఇండియాతో కలిసి పనిచేసేవాళ్లకు ఏడాదికి రెండుసార్లు లెక్క మారుతుంది. డల్లాస్‌కీ హైదరాబాద్‌కీ మధ్య తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు. మనుషులం నాలుగు రోజుల్లో దీనికి అలవాటుపడతాం. కంప్యూటర్లో రాసిపెట్టిన సమయాలు మాత్రం వాటంతట అవి సర్దుకోవు. ఏ గడియారం చూసి రాశామో ఆ గడియారమే వెనక్కి తిరిగితే, రాసినదానికి అర్థం చెడిపోతుంది. అందుకే నా మాట ఇది: జరిగిన సంగతి ఎప్పుడు జరిగిందో యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉన్న ప్రమాణ కాలంలో, దాచాలి. ఏ ఊళ్లో అప్పుడు గంట ఎంతైందన్నది తెరమీద చూపించేటప్పుడు మాత్రమే లెక్కగట్టాలి. రెండు ఖండాల మధ్య నడిచే ప్రతి డేటాబేస్‌కూ ఇది వర్తిస్తుంది. అయితే దీనికి హద్దులూ ఉన్నాయి. ఆ హద్దులు తెలియకుండా పాటిస్తే ఇదే సూత్రం కొత్త తప్పులు తెచ్చిపెడుతుంది.

2025 నవంబర్ 2, ఆదివారం సంగతి చూద్దాం. ఆ తెల్లవారుజామున డల్లాస్‌లో రెండు గంటలు కొట్టాల్సిన సమయానికి గడియారం ఒక గంట వెనక్కి వెళ్లి మళ్లీ ఒంటిగంట అయింది. అంటే ఒంటిగంట నుంచి రెండింటిదాకా ఉన్న గంట ఆ రాత్రి రెండుసార్లు వచ్చింది. డల్లాస్‌లోని కస్టమర్ ఒకరు మొదటిసారి 1:50 అయినప్పుడు ఫిర్యాదు పంపారనుకుందాం. హైదరాబాద్‌లోని సపోర్ట్ టీమ్ ఇరవై నిమిషాల్లో జవాబిచ్చింది. ఆలోగా గడియారం వెనక్కి తిరిగింది కాబట్టి డల్లాస్‌లో అప్పుడు సమయం 1:10. డేటాబేస్‌లో డల్లాస్ సమయమే దాచి ఉంటే, ఫిర్యాదు 1:50కి వచ్చినట్టు, జవాబు 1:10కే వెళ్లినట్టు ఉంటుంది. ఫిర్యాదుకు నలభై నిమిషాల ముందే జవాబు! సమయం ప్రకారం వరస పెడితే జవాబు పైకి, ఫిర్యాదు కిందికి పోతాయి. సగటున ఎంతసేపట్లో జవాబిస్తున్నామని లెక్కవేసే రిపోర్టులోకి మైనస్ నలభై చేరుతుంది.

ఇది కనీసం కంటికి కనిపించే తప్పు. కనిపించని తప్పు ఇంకా ప్రమాదం. అదే రాత్రి రెండు టికెట్లు 1:15కి ఒకటి, 1:45కి ఒకటి నమోదై ఉన్నాయనుకోండి. వాటి మధ్య అరగంట గడిచి ఉండవచ్చు. మొదటిది తొలి విడత గంటలోదీ, రెండోది మలి విడత గంటలోదీ అయితే గంటన్నర గడిచి ఉండవచ్చు. ఏది నిజమో ఆ రెండు అంకెలు చూసి ఎవరూ చెప్పలేరు. ఎంత తెలివైన ప్రోగ్రామ్ రాసినా చెప్పలేదు, ఎందుకంటే ఆ సమాచారం రాసిన క్షణంలోనే పోయింది. మార్చిలో దీనికి ఎదురు జరుగుతుంది. 2025 మార్చి 9న డల్లాస్‌లో తెల్లవారుజాము 2:30 అన్నదే లేదు. గడియారం 1:59 నుంచి నేరుగా 3:00కి దూకింది.

ఇప్పుడు అవే రెండు సంఘటనల్ని యూటీసీలో చూడండి. ఫిర్యాదు 06:50కి, జవాబు 07:10కి. యూటీసీకి వేసవి లేదు, చలికాలం లేదు, ముందుకు జరపడం వెనక్కి జరపడం లేవు. చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1 యూటీసీ అర్ధరాత్రి నుంచి సెకన్లు లెక్కబెడతాయి. ఆ లెక్కలో ఫిర్యాదు 1762066200, జవాబు 1762067400. తేడా 1200 సెకన్లు, కచ్చితంగా ఇరవై నిమిషాలు. వరస కుదిరింది, వ్యవధీ కుదిరింది. చూపించడం వేరే పని. హైదరాబాద్‌లో కూర్చున్నవారికి అవే రెండూ మధ్యాహ్నం 12:20, 12:40గా కనిపిస్తాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో `timestamptz` రకం కాలమ్‌లో సమయం దాచి ఉంటే, ఆ చూపించే పని ఇంతే:

```sql
SELECT id,
       created_at AT TIME ZONE 'Asia/Kolkata'    AS hyd,
       created_at AT TIME ZONE 'America/Chicago' AS dal
FROM tickets
ORDER BY created_at;
```

వరస పెట్టింది దాచిన క్షణాన్ని బట్టి, చూపించిన గడియారాన్ని బట్టి కాదు. ఇంకో సంగతి, ఇక్కడ రాసింది ఊరి పేరే తప్ప "మైనస్ ఆరు గంటలు" అని కాదు. `America/Chicago` అన్న పేరు వెనక ఆ ప్రాంతంలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎంత తేడా ఉందో చెప్పే నియమాల పట్టిక ఉంటుంది. డల్లాస్ కూడా ఆ పట్టికలోకే వస్తుంది. తేడాను అంకెగా రాసేస్తే ఏడాదిలో కొంతకాలం సరిగ్గా ఉండి మిగతా కాలం తప్పుతుంది. ఐఎస్‌టీ వంటి పొట్టి పేర్లనూ నమ్మకూడదు. ఇండియా, ఐర్లండ్, ఇజ్రాయెల్ మూడూ దాన్ని వాడతాయి.

మార్చే పని ఎక్కడో దారి తప్పిందని గుర్తుపట్టడం కష్టం కాదు. హైదరాబాద్‌లో తెరమీది సమయం సరిగ్గా అయిదున్నర గంటలు వెనకబడి ఉంటే యూటీసీని మార్చకుండానే చూపిస్తున్నారు. సరిగ్గా అయిదున్నర గంటలు ముందుంటే రెండుసార్లు మార్చారు. సాధారణంగా సర్వర్ ఒకసారి, బ్రౌజర్ మరోసారి మార్చేయడం వల్ల ఇలా జరుగుతుంది. డల్లాస్‌లో ఇవే తప్పులు వేసవిలో అయిదు గంటలుగా, చలికాలంలో ఆరు గంటలుగా బయటపడతాయి. అందుకే మార్చే పని ఒక్కచోటే, చిట్టచివర జరగాలని నేను పట్టుబడతాను.

యూటీసీలోనే దాచాలన్న మాటకు ఇండియాలోని మిత్రులు చెప్పే అభ్యంతరం న్యాయమైనదే. మన దేశంలో గడియారం ముందుకూ వెనక్కూ జరగదు, ఏడాది పొడవునా యూటీసీకి అయిదున్నర గంటల తేడాయే. విజయవాడలో వ్యాపారం విజయవాడలోనే జరుగుతుంటే ఈ గొడవంతా ఎందుకంటారు. పైగా యూటీసీలో దాచడం వల్లే రోజువారీ లెక్క తప్పుతోందని అకౌంట్స్ వాళ్లు ఫిర్యాదు చేస్తారు. వాళ్ల ఫిర్యాదు నిజం. యూటీసీ రోజు మనకు తెల్లవారుజామున అయిదున్నరకు మొదలవుతుంది. దాచిన సమయంలోని తేదీని బట్టి అమ్మకాలు కూడితే, అయిదింటికి పాలకేంద్రంలో జరిగిన అమ్మకం నిన్నటి ఖాతాలో పడుతుంది. తప్పు దాచడంలో లేదు, కూడడంలో ఉంది. ముందు భారత కాలానికి మార్చి, ఆ తరువాత తేదీ తీసి కూడాలి. ఇక మొదటి మాటకు వస్తే, భారత కాలంలో దాస్తే సమాచారం పోదన్నది ఒప్పుకుంటాను. కానీ అది భారత కాలమేనని ఆ కాలమ్‌లో ఎక్కడా రాసి ఉండదు. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న సర్వర్లు చాలావరకు యూటీసీలోనే నడుస్తాయి. ఆఫీసులోని పాత మిషన్ భారత కాలంలో రాస్తూ, కొత్త సర్వర్ యూటీసీలో రాస్తుంటే, ఒకే కాలమ్‌లో రెండు రకాల సమయాలు కలిసిపోతాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. అప్పుడు తేడా రాకపోవడం అదృష్టమే తప్ప పద్ధతి కాదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది, దానికి నేను తలవంచుతాను. జరగబోయే వాటికి యూటీసీ ఒక్కటే చాలదు. ప్రతి సోమవారం డల్లాస్‌లో ఉదయం తొమ్మిదింటికి మీటింగ్ అని వేసవిలో నిర్ణయించారనుకుందాం. దాన్ని 14:00 యూటీసీగా దాచేస్తే, నవంబర్ 2 దాటగానే మీటింగ్ డల్లాస్‌లో ఎనిమిదింటికి వచ్చిపడుతుంది. మనుషులు అనుకున్నది యూటీసీ క్షణం కాదు, డల్లాస్ గోడ గడియారంలో తొమ్మిది. కాబట్టి 09:00 అన్న సమయాన్నీ `America/Chicago` అన్న పేరునూ దాచి, ప్రతి వారానికీ యూటీసీని అప్పటికప్పుడు లెక్కగట్టాలి. హైదరాబాద్ వాళ్లకు అది వేసవిలో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర అవుతుంది. ఒక్కసారే జరిగే అపాయింట్‌మెంటుకూ ఈ జాగ్రత్త అవసరమే, ఎందుకంటే ప్రభుత్వాలు నియమాలు మారుస్తాయి. మెక్సికో 2022 అక్టోబర్‌లో దేశంలో చాలా భాగానికి వేసవి కాలమానం రద్దు చేసింది. అంతకుముందే 2023 జూన్‌లో మెక్సికో సిటీలో పదింటికి అని తీసుకున్న అపాయింట్‌మెంటును పాత నియమం ప్రకారం 15:00 యూటీసీగా దాచి ఉంటే, కొత్త నియమాల్లో అది తొమ్మిదిగా కనిపిస్తుంది. డాక్టరుగారు మాత్రం పదింటికే వస్తారు. పోస్ట్‌గ్రెస్ `timestamptz` పేరు చూసి టైమ్ జోన్ కూడా అందులో ఉంటుందనుకుంటారు. ఉండదు. క్షణం మాత్రమే ఉంటుంది. ఊరి పేరు కావాలంటే వేరే కాలమ్ పెట్టుకోవాల్సిందే.

మూడో హద్దు తేదీలది. ఆగస్టు 15న పుట్టిన పాప పుట్టినరోజు ఏ ఊళ్లోనైనా ఆగస్టు 15. దాన్ని హైదరాబాద్ అర్ధరాత్రిగా భావించి యూటీసీలోకి మారిస్తే ఆగస్టు 14, 18:30 అవుతుంది. డల్లాస్‌లో ఫారం తెరిస్తే 14వ తేదీ కనిపిస్తుంది. తేదీని తేదీగానే దాచాలి, దానికి గంటలు తగిలించకూడదు. క్షణానికీ తేదీకీ ఉన్న ఈ తేడా మన పంచాంగంలో స్పష్టంగా కనిపిస్తుంది. 2025లో ఉగాదికి ముందు అమావాస్య ముగిసిన క్షణం భూమ్మీద అందరికీ ఒకటే: మార్చి 29, 10:58 యూటీసీ. హైదరాబాద్‌లో అప్పుడు సాయంత్రం 4:28, డల్లాస్‌లో తెల్లవారి 5:58. సూర్యోదయానికి పాడ్యమి ఉన్న రోజే ఉగాది అన్న నియమంతో చూస్తే, హైదరాబాద్‌లో ఆ రోజు సూర్యోదయం అప్పటికే దాటిపోయింది కాబట్టి పండుగ 30న. డల్లాస్‌లో సూర్యుడు ఇంకా ఉదయించలేదు కాబట్టి, అదే లెక్కన 29న. చంద్రుడి క్షణాన్ని యూటీసీలో దాచవచ్చు. పండుగ తేదీని మాత్రం ఆ క్షణాన్నీ, ఆ ఊరి సూర్యోదయాన్నీ కలిపి లెక్కగట్టాలి.

ఈ హద్దులన్నీ చూశాక కూడా నా వాదన నిలుస్తుందనే అంటాను. జరగబోయేదానికి ఊరి పేరు కావాలి, తేదీకి తేదీ చాలు. కానీ లావాదేవీలు, లాగిన్లు, ఫిర్యాదులు, రక్తపరీక్ష నమూనా తీసిన సమయం వంటివన్నీ జరిగిపోయిన క్షణాలు, వాటిని యూటీసీ కన్నా భద్రంగా దాచే మార్గం లేదు. ఇప్పటికే డల్లాస్ సమయంలో నిండిపోయిన పట్టికలు ఉన్నవాళ్లు నిరాశపడనక్కర్లేదు. అది ఏ ప్రాంతపు సమయమో తెలిస్తే పాత వరసలన్నిటినీ యూటీసీకి మార్చుకోవచ్చు, ప్రతి నవంబర్‌లో రెండుసార్లు వచ్చే ఆ ఒక్క గంట తప్ప. ఆ గంటలో నమోదైనవాటి నిజ సమయం, వేరే ఆధారం దొరికితే తప్ప, ఇక తిరిగి రాదు. అలాంటి గంట ఏటా ఒకటి పోగుపడుతూనే ఉంటుంది కాబట్టి ఈ మార్పు వచ్చే నవంబర్‌లోగా చేయాల్సిన పని.