పేమెంట్ రాని నెలలో కిస్తీ

మొన్న వానల్లో కృష్ణానగర్‌లో మా తమ్ముడి వరసైన ఒకబ్బాయి ఇంటికెళ్లాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి కిందికి దిగితే, వెండితెర వెనక పనిచేసేవాళ్లు సగం మంది ఆ సందుల్లోనే కనిపిస్తారు. ఇతను ఎడిటర్. రోజూ ఫిల్మ్‌నగర్‌లో ఎడిట్ సూట్‌కి వెళ్లొస్తాడు. సొంత ఫ్లాటే, కానీ బాత్‌రూమ్ గోడ అవతల పడగ్గదిలో మనిషెత్తున చెమ్మ ఎక్కింది. పాత వైరింగ్, వంటగదిలో ఊడిపోతున్న టైల్స్. మేస్త్రి చూసి, వాటర్‌ప్రూఫింగ్‌తో సహా 8 లక్షలవుతుందన్నాడు.

"అక్కా, పర్సనల్ లోన్ రెండు రోజుల్లో ఇస్తామంటున్నారు. హోమ్ లోన్ మీద టాపప్ అయితే మూడు వారాలంట. ఏది తీసుకోను?" అని అడిగాడు.

అతని హోమ్ లోన్‌లో ఇంకా 22 లక్షలుంది, 15 ఏళ్లు కట్టాలి, నెలకి 22 వేల చిల్లర కిస్తీ. టాపప్‌కి బ్యాంకు చెప్పిన వడ్డీ 9 శాతం. పర్సనల్ లోన్ 13 శాతం, గడువు ఐదేళ్లు. పైకి చూస్తే 9 చవక, 13 ఖరీదు, ఇక ఆలోచించడానికేముంది అనిపిస్తుంది కదూ? నేను కాగితం తీసుకున్నాను.

పర్సనల్ లోన్ అయితే నెలకి 18,202 రూపాయలు. ఐదేళ్లలో వడ్డీ 2 లక్షల 92 వేలు. టాపప్‌ని పాత లోన్‌తో పాటే 15 ఏళ్లకి సాగదీస్తే కిస్తీ 8,114 మాత్రమే, కానీ వడ్డీ 6 లక్షల 60 వేలవుతుంది. చవక వడ్డీకి తీసుకుని రెట్టింపు పైన కట్టడమన్నమాట. రేటు ఎంత అని అడుగుతాం గానీ ఎన్నాళ్లు అని అడగం. బ్యాంకువాళ్లు టాపప్ అనగానే మిగిలిన గడువంతా రాసేస్తారు, కిస్తీ తక్కువగా కనబడుతుంది కాబట్టి మనమూ సంతకం పెట్టేస్తాం. అదే టాపప్ ఐదేళ్లకి రాయిస్తే కిస్తీ 16,607, వడ్డీ 1 లక్షా 96 వేలు. అంటే పర్సనల్ లోన్ కన్నా దాదాపు లక్ష మిగులు.

"అయితే ఐదేళ్లకే రాయించేస్తా" అన్నాడు.

నేను వద్దన్నాను. ఉద్యోగస్తుడైతే అదే చేయమనేదాన్ని. ఇతనికి నెల జీతం లేదు. సినిమా ఒప్పుకున్నప్పుడు అడ్వాన్సు, సగంలో కొంత, మిగతాది రిలీజుకి ముందు సెటిల్‌మెంట్‌లో. మధ్యలో ఖాళీ నెలలు. 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోసం సినీ ఫెడరేషన్ కార్మికులు సమ్మె చేసినప్పుడు 18 రోజులు షూటింగులు ఆగాయి. షూటింగ్ ఆగితే ఎడిటింగ్ టేబుల్ మీదికి ఫుటేజ్ ఎక్కడి నుంచి వస్తుంది? 2020లో కరోనా అయితే నెలలకి నెలలు కూర్చోబెట్టింది. అలాంటి నెలలో పాత కిస్తీ మీద ఇంకో 16 వేలు, 18 వేలు వెతుక్కోవడం నరకం. కిస్తీ తప్పితే సిబిల్ స్కోరు పడుతుంది. టాపప్‌లో అయితే ఇల్లే తాకట్టులో ఉంది, మరచిపోకూడదు.

అందుకని టాపప్ గడువు పొడవుగానే రాయించమన్నాను, కట్టడం మాత్రం పొట్టిగా. నెలనెలా 8,114 తప్పకుండా పోతుంది. ఏ ఖాళీ నెలలోనైనా అది మోయగలడు. సెటిల్‌మెంట్ చెక్కు వచ్చిన ప్రతి ఏడాదీ ఒక లక్ష అదనంగా అసలుకి జమ చేయాలి. లెక్క వేసి చూపించాను: ఐదేళ్ల ఐదు నెలల్లో అప్పు తీరిపోతుంది, వడ్డీ 2 లక్షల 25 వేలు. ఐదేళ్ల టాపప్ కన్నా 29 వేలు ఎక్కువ, నిజమే. ఆ 29 వేలతో ఖాళీ నెలల్లో నిద్ర కొనుక్కుంటున్నాడు. చెక్కు రాని ఏడాది లక్ష కట్టకపోయినా ఎవరూ అడగరు.

ఇది కుదరడానికి కారణం ఉంది. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు సొంత అవసరాలకి తీసుకున్న లోన్‌ని ముందే కట్టేస్తే పెనాల్టీ వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. పర్సనల్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ వడ్డీవి, వాటికి ముందస్తు చెల్లింపు చార్జీ ఉండొచ్చు. కొన్నిటికి మొదటి ఏడాది పాక్షికంగా కట్టనివ్వరు కూడా. ఫ్లోటింగ్ కాబట్టి రెపో పెరిగితే 9 కాస్తా పెరుగుతుందని కూడా అతనికి చెప్పాను.

చెమ్మ పని చిన్నదై, 2 లక్షలతో అయిపోయేదైతే నా మాట మారేది. రెండేళ్లలో తీర్చే 2 లక్షలకి 13 శాతానికీ 9 శాతానికీ తేడా 9 వేల లోపే. టాపప్‌కి ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్, అవసరమైతే తాకట్టు పత్రానికి మళ్లీ స్టాంపు డ్యూటీ. ఆ 9 వేలు వాటికే పోవచ్చు. హోమ్ లోన్ ఇంకో ఏడాదిలో అయిపోయేవాళ్లూ ఆలోచించాలి. టాపప్ తీరేదాకా ఇంటి ఒరిజినల్ దస్తావేజులు చేతికి రావు మరి.

టాక్స్ సంగతి అతనే ఎత్తాడు. ఉంటున్న ఇంటి మరమ్మతు అప్పు మీద వడ్డీకి పాత పన్ను విధానంలో ఏడాదికి 30 వేల వరకే మినహాయింపు, కొత్త విధానంలో అదీ లేదు. పైగా బిల్లులుంటే మరమ్మతుకి వాడిన పర్సనల్ లోన్‌కీ అదే వర్తిస్తుంది. కాబట్టి దాన్ని చూసి నిర్ణయించనక్కర్లేదన్నాను.

టాపప్ ఇచ్చే ముందు బ్యాంకు మూడేళ్ల ఐటీ రిటర్నులు అడిగింది, నిర్మాతలు కోసిన టీడీఎస్ అందులో కనబడాలంది. మేస్త్రి ఎస్టిమేట్ కూడా అడిగింది. టాపప్ డబ్బు ఎక్కడికి పోతోందో కొన్ని సంస్థలు సరిగా చూడటం లేదని 2024 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది, కాబట్టి అలా అడగడంలో తప్పులేదు. ఇల్లు కొలవడానికి వచ్చిన ఇంజినీరు ప్లాన్‌లో లేని బాల్కనీ గదిని విలువలో కలపలేదు. ఇంటి విలువలో పాత బాకీ, కొత్త బాకీ కలిపి ఎంతవరకు ఉండొచ్చో హద్దు ఉంటుంది. అతనికి ఆ హద్దులో చాలా చోటుంది కాబట్టి సరిపోయింది.

తర్వాత కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం వచ్చింది. 2024 అక్టోబరు నుంచి ప్రతి రిటైల్ లోన్‌కీ ఇది ఇవ్వాలి, ఫీజులన్నీ కలిపిన అసలు వార్షిక రేటు ఇందులో ఉంటుంది. దాన్ని ముందుంచుకుని వరసగా చదివాం. మధ్యలో ఒక చోట ఇన్సూరెన్స్ ప్రీమియం 31 వేలని ఉంది. అది కూడా లోన్‌లోనే కలిపేశారు, అంటే దాని మీదా 15 ఏళ్లు వడ్డీ. "నాకు టర్మ్ పాలసీ ఉంది, ఇది వద్దు" అని రాసివ్వమన్నాను. మర్నాడు తీసేశారు.

డబ్బు ఒకేసారి ఖాతాలో పడితే పని మొదలవకముందే వడ్డీ నడుస్తుంది. అందుకే వాన తగ్గి, మేస్త్రి తేదీ చెప్పాకే తీసుకోమన్నాను. దసరా తర్వాత పని మొదలైంది. ఇప్పుడతను ఒక సినిమా సెటిల్‌మెంట్ కోసం చూస్తున్నాడు, మొదటి లక్ష దాన్నుంచే. బ్యాంకుకి వెళ్లినప్పుడు కౌంటర్లో చెప్పాల్సిన మాట ఫోన్‌లో రాసుకున్నాడు: కిస్తీ తగ్గించొద్దు, గడువు తగ్గించండి.