ఒక ఏడాది గడువు అడిగే ఉత్తరం

మా తమ్ముడి కూతురికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది. ఆగస్టులో చేరతానని ఒప్పుకుంది, డిపాజిట్ కట్టింది, ఐ-20 చేతికొచ్చింది. ఇంతలో మే నెలలో తమ్ముడికి బైపాస్ ఆపరేషన్ జరిగింది. ఎరువుల దుకాణం చూసుకునే మనిషి లేడు, దాచిన డబ్బు ఆసుపత్రికి పోయింది.

గడువు అడుగుతూ పిల్ల యూనివర్సిటీకి రాసిన ఉత్తరం నాకు చూపించింది. ‘అనివార్య కారణాల వల్ల’ అని మొదలుపెట్టింది. “నాన్న జబ్బు సంగతి వాళ్లకెందుకత్తా?” అంది. నిర్ణయం తీసుకునేవాళ్లకు ఆ సంగతే కావాలి. కారణం తెలియకపోతే, ఈ పిల్ల ఇంకో మంచి సీటు కోసం ఆగుతోందేమో అన్న అనుమానం వాళ్లకు సహజంగానే వస్తుంది.

ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. పేరు, దరఖాస్తు నంబరు, కోర్సు. 2025 ఆగస్టుకు బదులు 2026 ఆగస్టులో చేరనివ్వమని మొదటి వాక్యంలోనే అడిగాం. ఆపరేషన్ తేదీ రాసి, డిశ్చార్జి కాగితం జతచేశాం. నాన్న కోలుకోవడానికి కొన్ని నెలలు చాలు కదా, ఏడాది ఎందుకని వాళ్లు అడగొచ్చు. ఆ కోర్సులో జనవరి ప్రవేశాలు లేవు. ఆ మాటా రాశాం. ఈలోగా దుకాణం చూసుకుంటానని, మరే యూనివర్సిటీలోనూ చేరనని రాసింది. చేరనన్న మాట ఊరికే రాయొద్దని, నిలబెట్టుకోగలిగితేనే రాయమని చెప్పాను. చాలా యూనివర్సిటీలు ఈ షరతు మీదే గడువిస్తాయి.

చివర రెండు ప్రశ్నలు పెట్టాం: కట్టిన డిపాజిట్ వచ్చే ఏడాదికి చెల్లుతుందా? ఇస్తామన్న స్కాలర్‌షిప్ ఉంటుందా? సీటు నిలిచినా స్కాలర్‌షిప్ నిలవకపోవచ్చు. అది ముందే తెలియకపోతే వచ్చే ఏడాది అప్పు లెక్క తప్పుతుంది.

ఆమె టోఫెల్ రాసింది 2024 అక్టోబరులో. ఆ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది కాబట్టి 2026 ఆగస్టు దాకా బెంగ లేదు. ఐ-20 మాత్రం కొత్త తేదీతో మళ్లీ తీసుకోవాలి. దానికి బ్యాంకు కాగితాలు కొత్తవి అడగొచ్చు. యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా వీసా అపాయింట్‌మెంటు రద్దు చేయొద్దన్నాను. ఫోనులో ఎవరో సరేనన్నంత మాత్రాన సీటు నిలిచినట్టు కాదు.

“వాళ్లు కాదంటే?” అంది. అప్పుడు సీటు వదులుకోవాలి, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ సంగతీ ఉత్తరంలో ఒప్పుకున్నాం. గడువివ్వడం కుదరకపోతే వెంటనే చెప్పమని, తన సీటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకు అందుతుందని రాసింది. జూన్ మొదటివారంలోనే పంపింది. ఆగస్టులో పంపితే ఆ సీటు ఎవరికీ దక్కకుండా పోయేది.