ఉప్పు గాలిలో ఫోర్కు పైపు

విశాఖలో మోటారు సైకిలు ముందు షాకబ్జరు కారుతోందని ఎవరన్నా చెబితే నా చూపు ముందుగా సీలు మీదికి పోదు, పైపు మీదికి పోతుంది. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో సీలు ఎక్కువగా వయసైపోయి, రబ్బరు గట్టిపడి కారుతుంది. ఇక్కడ సీలు కొత్తగా ఉండగానే పైపు దాని పెదవిని కోసేస్తుంది. ఈ తేడా గమనించకుండా సీలు మీద సీలు మార్పించుకునే వాళ్లను మల్కాపురంలోనూ గాజువాకలోనూ చాలామందినే చూశాను.

మా బావమరిది బండి సంగతే చెబుతాను. అతని ఇల్లు మల్కాపురం, ఉద్యోగం స్టీలు ప్లాంటులో. శ్రీహరిపురం, గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా షిఫ్టుకు వెళ్లి వస్తాడు. ఒక పక్క సముద్రపు తేమ, ఇంకో పక్క బొగ్గు, ఖనిజం మోసే లారీలు లేపే నల్లధూళి. డిస్కు ఉన్న వైపు ఫోర్కు కారితే ఒక షెడ్డులో సీలు మార్చారు. నెల తిరక్కుండానే పైపు మీద మళ్లీ నూనె వలయం కనిపించింది. నూనె కాలిపరు దాకా జారితే బ్రేకు ప్యాడ్లు నానిపోతాయి. అలా నానిన ప్యాడ్లను ఎంత తుడిచినా నమ్మకూడదు, మార్చేయాలి. అందుకే ఈ కారుడును రేపు చూద్దాంలే అని వదలకూడదు.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన పెద్ద మెకానిక్ దగ్గరికి బండి తీసుకెళ్లాం. ఆయన పానా పట్టుకోలేదు. పైపును శుభ్రంగా తుడిచి, చిటికెడు దూది దాని చుట్టూ మెల్లగా రాసుకుంటూ కిందికి దించాడు. సీలుకు నాలుగు వేళ్ల ఎత్తులో, గాలికి ఎదురుగా ఉండే ముఖం మీద, దూది పోగులు పట్టుకున్నాయి. "సీలేటి చేత్తాది బాబూ, పైపుకి పళ్లొచ్చేసినాయి" అన్నాడు. గోరుతో గీరి చూస్తే ఆవగింజంత గుంటలు తగిలాయి.

ఆ గుంటలు ఎలా వస్తాయో తెలిస్తే మందు కూడా తెలుస్తుంది. పైపు ఉక్కుది, మీద పలుచని గట్టి క్రోమియం పూత. క్రోమియం తుప్పు పట్టదు గానీ ఆ పూతలో కంటికి కనిపించని సన్నని పగుళ్లు ఉంటాయి. రోడ్డు మీద ఎగిరిన రాళ్లు ఇంకొన్ని దెబ్బలు వేస్తాయి. ఉప్పు తేమ వాటిలోంచి దిగి అడుగున ఉన్న ఉక్కును తింటుంది. తుప్పు ఉబ్బి పూతను పొక్కులా లేపుతుంది, పొక్కు రాలి గుంట అవుతుంది, దాని అంచు బ్లేడులా నిలబడుతుంది. బ్రేకు వేసినప్పుడల్లా, గోతిలో దిగినప్పుడల్లా సీలు పెదవి ఆ అంచు మీదుగా వెళ్లాలి. సీలు నడిచే మేరకు పైన ఎంత తుప్పున్నా నష్టం లేదు, ఆ మేరలో ఒక్క గుంట చాలు.

గుంటలేమీ లేకపోతే ఇంకో అవకాశం ఉంది. పెదవి కింద ధూళి చిక్కుకుని కూడా నూనె కారుతుంది. అప్పుడు విప్పాల్సిన పనే లేదు. డస్ట్ సీలును పైకి జరిపి, పాత ఫోటో నెగటివు ముక్కను కొక్కెంలా కత్తిరించి, పైపుకూ సీలుకూ మధ్య దూర్చి చుట్టూ తిప్పి లాగితే నల్లటి మడ్డి బయటికొస్తుంది. పోర్టు రోడ్లలో తిరిగే బండ్లకు ముందుగా ఇది చేసి చూడడం నాకు ఇష్టం.

మాకు విప్పక తప్పలేదు. బండిని సెంటరు స్టాండు వేసి, ఇంజను కింద దన్ను పెట్టి, ముందు చక్రం గాలిలో ఉండేలా నిలబెట్టారు. చక్రం, మడ్‌గార్డు తీసి, కాలిపరును గొట్టం మీద బరువు పడకుండా తీగతో కట్టారు. పైపు ఇంకా కింది బిగింపులో ఉండగానే పైమూత వదులు చేశారు, బయటికి లాగాక దాన్ని పట్టుకోవడానికి పట్టు దొరకదు. అడుగున ఉండే అలెన్ బోల్టుకూ అంతే, లోపల స్ప్రింగు నొక్కి ఉన్నప్పుడే కదిపి వదులు చేయాలి. స్ప్రింగు తీసేశాక బోల్టుతో పాటు లోపలి రాడ్డు కూడా తిరుగుతూ ఉంటుంది, గంటలు పోతాయి. తరువాత పైమూత పూర్తిగా తీసేటప్పుడు స్ప్రింగు ముఖం మీదికి ఎగరకుండా అరచేత్తో అదిమి పట్టాలి.

పళ్లెంలోకి వచ్చిన నూనె బూడిద రంగులో, వెలుతురుకు మెరుస్తూ ఉంది. ఆ మెరుపు లోపల అరిగిన లోహపు పొడి. పాల రంగు ఉంటే నీళ్లు దిగినట్టు, మాకు ఆ బాధ లేదు. పైపును గాజుపలక మీద దొర్లించి వంగలేదని తేల్చుకున్నాక, గుంటలను నూనె రాసిన సన్న ఎమెరీ పేపరుతో రుద్దారు. నిలువుగా కాదు, పైపు చుట్టూ. నిలువు గీతలు పడితే అవే నూనెకు కాలువలవుతాయి. తుప్పు పోయాక థిన్నరుతో కడిగి, గుంటల్లో అరాల్డైట్ నింపి, మర్నాటి దాకా ఆరనిచ్చి, మరింత సన్న పేపరుతో గోరుకు తగలనంత సమం చేశారు. చిన్న గుంటలు నాలుగైదుంటే ఈ వైద్యం సరిపోతుంది. గుంటలు ఒకదానితో ఒకటి కలిసినా, పూత పెచ్చులూడుతున్నా పైపు మార్చడమో, హార్డు క్రోము చేయించడమో తప్పదు.

కొత్త సీళ్లు రెండు వైపులా వేయించాం. సన్న స్ప్రింగు వలయం కనిపించే ముఖం నూనె వైపు ఉండాలి. పైపు కొసకు పాలిథిన్ కవరు తొడిగి, సీలు పెదవికి ఫోర్కు ఆయిలు రాసి దించితే కొస అంచు పెదవిని కోయదు. సరిపడా పీవీసీ గొట్టం ముక్కతో సమంగా తట్టి కూర్చోబెట్టి, సర్‌క్లిప్పు గాడిలో పడిందని చూసుకున్నారు. బోల్టు కింద రాగి వాషరు కొత్తదే వేశారు.

నూనె దగ్గరే ఎక్కువ మంది తొందరపడతారు. ఇలాంటి బండ్లకు ఒక్కో కాలికి సాధారణంగా 150 నుంచి 200 మిల్లీలీటర్లు పడుతుంది, అసలు అంకె ఆ బండి పుస్తకంలోదే. కొన్ని పుస్తకాల్లో వట్టి నూనె మార్పుకు ఒక కొలత, మొత్తం విప్పి కడిగితే ఇంకాస్త పెద్ద కొలత ఉంటుంది, ఎందుకంటే విప్పకపోతే కొంత నూనె లోపలే అంటుకుని ఉండిపోతుంది. పైపు లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లయితే 10 మిల్లీలీటర్లు ఎక్కువైనా నూనె మట్టం 2 సెంటీమీటర్లు పెరుగుతుంది. అంతమేర గాలికి చోటు తగ్గి, గోతిలో పడ్డప్పుడు ఒత్తిడి విపరీతంగా పెరిగి, కొత్త సీలు మీదే పడుతుంది. అందుకే నూనె పోసి, గాలిబుడగలు పోయేలా మెల్లగా పదిసార్లు కదిలించి, స్ప్రింగు లేకుండా పైపును పూర్తిగా అడుక్కి దించి, పై అంచు నుంచి మట్టాన్ని స్కేలుతో కొలవాలి. రెండు కాళ్లలోనూ మట్టం ఒకటే ఉండాలి. మిగిలిన ఇంజనాయిలు పోసే అలవాటును నేను ఒప్పుకోను. డబ్బా మీద 10W అని ఉన్నా ఒక కంపెనీ 10W ఇంకో కంపెనీ 10Wతో చిక్కదనంలో సరిపోలకపోవచ్చు, కాబట్టి రెండు డబ్బాలు కలపొద్దు.

ఆ పని అయి రెండు వర్షాకాలాలు గడిచాయి, పైపు పొడిగానే ఉంది. మా బావమరిది బీచి రోడ్డు నుంచి వచ్చిన రోజు పైపులను మంచినీళ్లతో కడిగి తుడుస్తాడు. రబ్బరు బూట్లు తొడగమంటావా అని ఈమధ్య అడిగాడు. ధూళికి అవి మంచివే గానీ లోపల చేరిన ఉప్పు తేమను ఆరనివ్వవు, ఈ ఊళ్లో తొడిగితే నెలకోసారి పైకి ఎత్తి లోపల తుడవాలని చెప్పాను. ఆ ఓపిక ఉంటేనే కొనమన్నాను.