రేపల్లె టికెట్టు ఇంగ్లిషులో ఇస్తారా?

వికటకవి. ముందు నుంచి చదివినా అదే, వెనక నుంచి చదివినా అదే. తెలుగు పిల్లలకు ఈ మాట చెబితే చాలు, వేలితో గాల్లో రాసుకుని, తిరగేసి చదువుకుని, కళ్లు పెద్దవి చేస్తారు. కాళికాదేవి రెండు గిన్నెల్లో పాలూ పెరుగూ చూపించి ఏదో ఒకటి తాగమంటే రామకృష్ణుడు రెండూ కలిపి గటగటా తాగేశాడనీ, అమ్మవారు కోపంతో ఆ బిరుదు ఇచ్చిందనీ కథ. ఎటు తిప్పినా మారని తిట్టు, ఎటు తిప్పినా మారని బిరుదు. తమాషా అంతా అక్కడే ఉంది.

ఇప్పుడు దాన్ని ఇంగ్లిషులో రాసి చూడండి. vikatakavi. వెనక నుంచి చదివితే ivakatakiv! అర్థం సంగతి తర్వాత, అసలు తమాషాయే మాయమైపోయింది. ఎందుకంటే మన అక్షరంలో హల్లూ అచ్చూ కలిసే ఉంటాయి. 'వి'ని ఎటు తిప్పినా 'వి'యే. ఇంగ్లిషులో అవి విడివిడిగా నిలబడతాయి, తిప్పితే తారుమారవుతాయి. హిందీలో, కన్నడంలో, తమిళంలో రాస్తే వికటకవికి ఏ ఇబ్బందీ లేదు. ఇక మలయాళం సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. ఇంగ్లిషులో malayalam అని రాస్తే ఎటు చదివినా ఒకటే. మలయాళ లిపిలో రాస్తే కాదు!

ఈ లెక్కలన్నీ నేను వేయాల్సి వచ్చింది మా మేనకోడలి వల్ల. పెదనాన్న కూతురు డాలస్‌లో ఉంటుంది. వేసవి సెలవులకు తొమ్మిదేళ్ల కూతుర్ని తీసుకుని వచ్చింది. పిల్లకు తెలుగు నాలుగు ముక్కలు కూడా రాదు. రేపల్లెలో ఉన్న తాతయ్యకేమో జోకు చెప్పనిదే ముద్ద దిగదు. ఇద్దరి మధ్యా దుబాసీ ఉద్యోగం నాది. తెనాలిలో రైలు దిగి, బాపట్లలో బాబాయి ఇంటికి వెళ్లి, ఆఖరున రేపల్లె చేరాలన్నది మా కార్యక్రమం.

మొదటి పరీక్ష తెనాలి స్టేషన్లోనే ఎదురైంది. బోర్డు చూసి ‘తెనాలి రామా ఊరు ఇదేనా?’ అని అడిగింది. వికటకవి కథ చెప్పక తప్పలేదు. వికటకవికి బదులు ఇంగ్లిషులో అటూ ఇటూ చదవగలిగే మాట వెతకొచ్చు. మేడమ్ అనో, లెవెల్ అనో. కానీ అమ్మవారు రామకృష్ణుణ్ని ‘నువ్వు మేడమ్ అవుగాక’ అంటే కథ ఏమవుతుంది? అందుకని అనువాదం జోలికి పోలేదు. చేతిలో ఉన్న కాగితం మీద అయిదు గళ్లు గీసి వి, క, ట, క, వి అని తెలుగులోనే రాశాను. అక్షరాలు రాని పిల్లకు అవి బొమ్మలే. ‘మొదటి బొమ్మా చివరి బొమ్మా ఒకటే. రెండోదీ నాలుగోదీ ఒకటే’ అని తనే కనిపెట్టి చప్పట్లు కొట్టింది. కంటికి కనిపించే చమత్కారాన్ని చెప్పనక్కర్లేదు, చూపిస్తే సరిపోతుంది. అచ్చులో అయితే vi-ka-ta-ka-vi అని మధ్యలో గీతలు పెట్టినా పని జరుగుతుంది. ఆ గీతలే గళ్ల పని చేస్తాయి.

నువ్వులకు లాటిన్ పేరు

బాపట్లలో బాబాయి వ్యవసాయ కళాశాలలో పనిచేసి రిటైరయ్యాడు. 1945లో పెట్టిన కాలేజీ అది. తెనాలి రామకృష్ణుడి పేరు వినగానే ఆయన ‘తిలకాష్ఠ మహిష బంధనం చెప్పావా మరి?’ అన్నాడు.

కథ మీకు తెలిసిందే. రాయల సభకు ఎక్కడినుంచో ఓ మహాపండితుడు వచ్చి వాదానికి రమ్మన్నాడు. మన రామకృష్ణుడు పట్టుగుడ్డ చుట్టిన పెద్ద కట్ట తెచ్చి ఎదురుగా పెట్టాడు. ‘ఇది తిలకాష్ఠ మహిష బంధనం. దీని మీద వాదిద్దామా?’ అన్నాడు. ఆ గ్రంథం పేరే వినని పండితుడు రాత్రికి రాత్రే ఊరు దాటేశాడు. గుడ్డ విప్పి చూస్తే లోపల నువ్వుల కట్టెలు, వాటికి చుట్టిన గేదెను కట్టే తాడు!

దీన్ని మాటకు మాట ఇంగ్లిషులోకి మారిస్తే ‘నువ్వుల కట్టె గేదె తాడు’ అని మొదటి వాక్యంలోనే గుట్టు బయటపడుతుంది. పండితుడు పారిపోవడానికి కారణమే ఉండదు. ఈ కథలో నవ్వు నువ్వుల్లోనూ లేదు, గేదెలోనూ లేదు. పెరట్లో దొరికే వస్తువులకు సంస్కృతం తొడగడంలో ఉంది. కాబట్టి వెతకాల్సింది నువ్వులకు ఇంగ్లిషు మాట కాదు, ఇంగ్లిషువాళ్లకు సంస్కృతం లాంటి భాష. అది లాటిన్.

‘నువ్వుల శాస్త్రీయ నామం సెసామమ్ ఇండికమ్. గేదె బుబాలస్ బుబాలిస్’ అన్నాడు బాబాయి తడుముకోకుండా. కట్టెకు లిగ్నమ్, బంధనానికి వింకులమ్ అనే లాటిన్ మాటలున్నాయి. నాలుగూ గుచ్చితే సెసామో లిగ్నో బుబాలో వింకులమ్. పండితుడేం ఖర్మ, రాయలవారు కూడా పారిపోతారు!

కానీ ఇక్కడ ఇంకో చిక్కుంది. ముసుగు మరీ మందంగా ఉండకూడదు. తిల అంటే తెలియనివాడు కూడా తిలోదకాలు విని ఉంటాడు. మహిష అనగానే మహిషాసురుడు గుర్తొస్తాడు. అందుకే గుట్టు విప్పగానే ‘అరె, నాకు తెలిసిందేగా!’ అని తెలుగువాడికి నవ్వొస్తుంది. ముసుగు తీశాక కూడా మొహం కొత్తగానే ఉంటే ఎవరూ నవ్వరు. సెసామమ్‌లో ఇంగ్లిషు సెసమీ వినిపిస్తుంది, బుబాలస్‌లో బఫెలో వినిపిస్తుంది. లిగ్నమ్, వింకులమ్ రెండూ పిల్లకు కొత్తే. రెండు తెలియనివి ఎక్కువనిపించి కట్టెను పేరులోంచి తీసేశాను. అది కట్టలో ఎటూ కనిపిస్తుంది కదా!

కథ మొదలుపెట్టే ముందు ‘ట్రైసెరటాప్స్ అంటే ఏమిటి?’ అని అడిగాను. రాక్షసబల్లుల పేర్లన్నీ దానికి కంఠోపాఠం. ‘మూడు కొమ్ముల మొహం’ అంది ఠక్కున. అంతే, కావాల్సిన సరంజామా సిద్ధం. పెద్ద పేరు వెనక చిన్న సంగతి ఉంటుందని దాని నోటితోనే అనిపించాక సెసామో బుబాలో వింకులమ్ చెప్పాను. గుడ్డ విప్పే చోటికి వచ్చేసరికి నాకంటే ముందే ‘సెసమీ! బఫెలో!’ అని అరిచింది. జోకు చెప్పాక వివరిస్తే అది పాఠం అవుతుంది. అందుకే వినేవాళ్లకు తెలియాల్సినదేదో ముందే, అసలు సంగతి తెలియనివ్వకుండా అందించాలి.

ఢిల్లీ అయిన రేపల్లె

ఆఖరి మజిలీ రేపల్లె. భోజనాల దగ్గర పెదనాన్న తన పాత జోకు తీశాడు. తెనాలి స్టేషన్లో ఒకడు ‘ఒక రేపల్లె ఇవ్వండి’ అన్నాడట. కౌంటర్లో ఆయన ‘రేపెళ్లేవాడివి ఇవాళెందుకొచ్చావయ్యా?’ అన్నాడట. వందసార్లు విన్నదే అయినా అందరం నవ్వాం. పిల్ల ఒక్కతే నవ్వలేదు. నా చొక్కా పట్టుకుని ‘నన్ను చూసేనా నవ్వుతున్నారు?’ అని ఇంగ్లిషులో గుసగుసగా అడిగింది. దాని కళ్లలో నీళ్లు.

ఇక ఆలోచించడానికి ఎక్కువ సమయం లేదు. జోకును విడదీసి చూసుకున్నాను. టికెట్ల కౌంటరుంది, ఊరి పేరుంది, ఆ పేరు ఇంకో మాటలా వినపడటం ఉంది. ఈ మూడూ ఉంటే చాలు, ఊరు ఏదైనా ఫరవాలేదు. ఫ్రెంచి ఆస్టెరిక్స్ బొమ్మల కథలను ఇంగ్లిషులోకి తెచ్చిన ఆంథియా బెల్, డెరెక్ హాక్‌రిడ్జ్ చేసిందీ ఇదే. అందులో కుక్కపిల్ల ఫ్రెంచి పేరు ఇదెఫిక్స్. పట్టిన పట్టు వదలని ఆలోచన అనే అర్థం వినిపిస్తుంది. వాళ్లు ఆ పేరు వదిలేసి డాగ్‌మాటిక్స్ అన్నారు. మొండిపట్టూ మిగిలింది, ఇంగ్లిషులో కుక్క కూడా అదనంగా వచ్చి చేరింది!

నాకు తట్టింది ఢిల్లీ. ఢిల్లీ అంటే ‘డెయిలీనా? మరి నిన్నెందుకు రాలేదు?’ అనొచ్చు. రేపు బదులు రోజూ, కాలం సంగతి కూడా నిలుస్తుంది. అయితే అది మన చెవికి. అమెరికా పిల్ల చెవికో? ‘ఢిల్లీ అను’ అన్నాను. ‘డెలీ’ అంది. డెలీ అంటే వాళ్ల ఊళ్లో సాండ్‌విచ్‌లు అమ్మే కొట్టు. శ్లేష నిఘంటువులో ఉండదు, వినేవాళ్ల చెవిలో ఉంటుంది. అందుకే కాలాన్ని వదులుకుని చెవిని నమ్ముకున్నాను. ‘ఒక డెలీ ఇవ్వండి’ అన్నాడు ప్రయాణికుడు. ‘తిండి పక్క కౌంటర్లో’ అన్నాడు టికెట్లాయన. పిల్ల ఫక్కున నవ్వింది. తాతయ్య కూడా నవ్వాడు. కాసేపాగి, ‘బానే ఉందిరా, కానీ మా రేపల్లెను ఢిల్లీ చేశావేంట్రా?’ అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. ఆయనకు ఆ జోకులో ఊరు ముఖ్యం. దానికి నవ్వు ముఖ్యం. ఆ పూట నవ్వే ముఖ్యమని నేను నిర్ణయించుకున్నాను. చుట్టూ నవ్వుతున్నవాళ్ల మధ్య బిక్కమొహం వేసుకుని కూర్చున్న పిల్ల రేపటి నుంచి తాతయ్య దగ్గరకే రాదు. మర్నాడు పొద్దున తీరిగ్గా ‘రేపు’, ‘వెళ్లే’ అని రెండు మాటలు నేర్పాను. సాయంత్రానికి అసలు జోకు తాతయ్యకే తిరిగి చెప్పింది. ‘రేపెల్లే’ అని ళ పలకక, అప్పుడు ఇంకా బాగా పేలింది.

అన్నీ ఇలా గట్టెక్కవు. వెళ్లే ముందురోజు కాఫీలోకి పాలు చాలలేదని పెద్దమ్మ విసుక్కుంటుంటే, ‘కృష్ణుడి ఊరి పేరు పెట్టుకున్న రేపల్లెలో పాలకు కొదవేమిటే? అన్నదమ్ములం నలుగురం తలా ఓ పాలు తీసుకున్నాంగా’ అన్నాడు పెదనాన్న. నవ్వాడు గానీ కళ్లు పెరటి గోడ వైపున్నాయి. ఆ గోడ పంపకాలప్పుడు కట్టింది. పిల్ల నా వైపు చూసింది. తాగే పాలకూ పంచుకునే పాలకూ సరిపోయే ఇంగ్లిషు మాట వెతికితే ఏదో ఒకటి దొరికేదేమో. కానీ నవ్వు దక్కించుకోవడానికి ఆ గోడను దాచేయాల్సి వచ్చేది. అందుకే శ్లేషను వదిలేశాను. ‘ఈ ఇల్లు ఒకప్పుడు చాలా పెద్దది. నలుగురూ పంచుకున్నారు. తాతయ్య దాని గురించి నవ్వుతూ చెప్పాడు, కానీ పూర్తిగా నవ్వు కాదు’ అని చెప్పాను.

పిల్ల నవ్వలేదు. లేచి వెళ్లి తాతయ్య పక్కన కూర్చుంది.