పదికి 7.4, కానీ ఎవరి 7.4?

ఎథిక్స్ పేపర్‌కి ఆత్మగౌరవం మీద నోట్స్ రాసుకుని ఉంటే, బహుశా అందులో ఒకటే ప్రశ్న ఉంటుంది: ఎక్కువా, తక్కువా? 1965లో మోరిస్ రోజెన్‌బర్గ్ ఇచ్చిన పది వాక్యాల స్కేలు కొలిచేదీ అదే. మైఖేల్ కెర్నిస్ అనే మనస్తత్వవేత్త దానికి ఇంకో ప్రశ్న కలిపారు: అది నిలకడగా ఉందా, ఊగుతోందా? పద్ధతి తేలికే. కొన్ని రోజులపాటు పొద్దునా రాత్రీ "ఈ క్షణాన నీ మీద నీకేమనిపిస్తోంది?" అని అడిగి, జవాబుల్లో హెచ్చుతగ్గులు చూడటం.

అశోక్‌నగర్ రూములో నేనూ నా మిత్రుడూ అయిదు రోజులు ఇలాగే పదికి ఇంత అని రాసుకున్నాం. ఒకరివి 7, 8, 7, 7, 8, 7, 8, 7, 7, 8. ఇంకొకరివి 9, 8, 9, 4, 9, 8, 5, 9, 9, 4. కూడి చూడండి, రెండు సగటులూ 7.4. రెండో వరస నాది. ఆ 4, 5, 4 ఎక్కడ పడ్డాయో చూస్తే, టెస్ట్ సిరీస్ కాపీలు చేతికొచ్చిన రెండు సాయంత్రాలు, పక్క రూమతనికి ఉద్యోగం వచ్చిందని తెలిసిన ఒక ఉదయం. మొదటి రోజు పొద్దున మాత్రమే కొలిచి ఉంటే నేనే ధీమాగల మనిషినని తేలేది!

ఇందులో కోపం సంగతి కూడా ఉంది. కెర్నిస్ బృందం 1989లో ప్రచురించిన అధ్యయనంలో కోపం, వైరభావం అందరికన్నా ఎక్కువగా చెప్పుకున్నది ఆత్మగౌరవం ఎక్కువగా ఉండి ఊగేవాళ్లు. అందరికన్నా తక్కువ చెప్పుకున్నది ఎక్కువగా ఉండి నిలకడగా ఉన్నవాళ్లు. ఆత్మగౌరవం తక్కువున్నవాళ్లు ఈ ఇద్దరి మధ్యలో నిలిచారు. విలువ ప్రతిరోజూ పణంగా పెట్టినట్టుంటే, చిన్న విమర్శ కూడా దాడిలాగే తోస్తుంది మరి.

అలాగని ఊగేవాడిని నార్సిసిస్టు అనకండి. రోజెన్‌బర్గ్ దృష్టిలో ఆత్మగౌరవమంటే "నేనూ అందరిలా విలువున్నవాణ్నే" అనుకోవడం, అందరికన్నా గొప్ప అనుకోవడం కాదు. నార్సిసిజానికి ఆ "గొప్ప" కావాలి, అది ఎదుటివాళ్లు ఒప్పుకోవాలి, ప్రత్యేక మర్యాదా దక్కాలి. పది మార్కుల జవాబుకి 3.5 వచ్చిందనుకోండి. నిలకడైనవాడు నొచ్చుకుంటాడు, తర్వాత మార్జిన్‌లో రాసింది చదువుతాడు. ఊగేవాడు "నేను దీనికి పనికిరానేమో" అనుకుంటాడు, లేదా కాపీ తెరవడు. మూడోవాడు "దిద్దినవాడికి అసలు ఏం తెలుసు?" అంటాడు, పక్కవాడికి 5 వస్తే అదేదో తన దగ్గర లాక్కున్నట్టు బాధపడతాడు.

ఒక్క ప్రతిస్పందనతో ఎవరినీ తేల్చలేం. పరీక్షల ఒత్తిడిలో ఎవరైనా ఒకసారి మూడోవాడిలా మాట్లాడతారు. వ్యక్తిత్వ రుగ్మత అనే నిర్ధారణ వైద్యుల పని. కేస్ స్టడీలో "అహంకారి అధికారి" కనిపిస్తే మాత్రం ముందు ఒకటి అడగండి: కింది ఉద్యోగి తప్పు చూపినప్పుడు ఆయన తన విలువ పోతుందని భయపడుతున్నాడా, లేక ఆ ఉద్యోగికి తప్పు చూపే అర్హతే లేదంటున్నాడా?